ఎర్రబడి వాచిన కాలు: సెల్యులైటిస్ ఒకసారి వచ్చినవారికే మళ్లీ ఎందుకు వస్తుంది

క్లుప్తంగా: సెల్యులైటిస్ అంటే చర్మం లోపలి పొరల్లో బ్యాక్టీరియా చేరి పాకిపోయే ఇన్ఫెక్షన్. ఎక్కువగా ఒక కాలికే వస్తుంది. యాంటీబయాటిక్ త్వరగా మొదలుపెడితే చాలామందికి మాత్రలతోనే తగ్గిపోతుంది. కానీ వచ్చిన ప్రతిసారీ కాలిలో ఊరే నీటిని పైకి చేరవేసే లింఫ్ నాళాలను ఎంతో కొంత దెబ్బతీసి పోతుంది, ఆ దెబ్బే తర్వాతిసారికి దారి వేస్తుంది. అందుకే వేళ్ల సందులు, వాపు, అవసరమైతే తక్కువ డోసు పెన్సిలిన్, ఈ మూడింటి గురించి జ్వరం తగ్గాక కూడా ఆలోచించాలి.

చర్మం కింద ఏం జరుగుతుంది

పొద్దున బాగానే ఉన్న కాలు సాయంత్రానికి పిక్క మీద అరచేయంత ఎర్రగా మారి, ముట్టుకుంటే వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటుంది. చాలామందికి అంతకంటే ముందే చలి, వణుకు, ఒళ్లు నొప్పులు మొదలవుతాయి. కాలి సంగతి ఇంకా గమనించకపోవడంతో మామూలు వైరల్ జ్వరం అనుకుంటారు. మర్నాడు ప్యాంటు తీసి చూసేసరికి ఎరుపు పిక్క సగం వరకు పాకి ఉంటుంది.

దీనికి కారణం ఎక్కువ సందర్భాల్లో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా. చీము, గడ్డ, సోకిన పుండు ఉన్నచోట స్టెఫైలోకాకస్ ఆరియస్ ఉండే అవకాశం పెరుగుతుంది. చర్మం పైపొర చెక్కు చెదరకుండా ఉంటే ఇవి లోపలికి రాలేవు. వేలి సందులో చిన్న చీలిక, మడమ పగులు, పురుగు కుట్టినచోట గోకిన గాటు, ఇలా కంటికి ఆనని దారి ఏదో ఒకటి దొరకాలి. ఆ దారిన లోపలి పొరకు, దాని కింది కొవ్వు పొరకు చేరాక స్ట్రెప్టోకాకస్ కొన్ని ఎంజైములను వదులుతుంది. కణాల మధ్య జిగురులా ఉండే పదార్థాన్ని అవి కరిగించేస్తాయి, దాంతో ఇన్ఫెక్షన్ ఒకచోట గడ్డ కట్టకుండా పక్కలకు పరుచుకుంటూ పోతుంది. గడ్డకూ సెల్యులైటిస్‌కూ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే. గడ్డను శరీరం చుట్టూ గోడ కట్టి ఆపుతుంది, అందుకే దాన్ని కోసి చీము తీస్తే సరిపోవచ్చు. సెల్యులైటిస్‌లో తీయడానికి ఒకచోట పోగైన చీము ఉండదు, లోపలికి మందు వెళ్లాల్సిందే.

పాకే క్రమంలో ఇన్ఫెక్షన్ లింఫ్ నాళాల్లోకి కూడా వెళ్తుంది. కాలి మీద పైకి పోయే ఎర్రటి గీతలు, గజ్జల్లో బిళ్ల కట్టడం దానికి గుర్తులు. అక్కడి నుంచి రక్తంలోకి చేరితే విషయం కాలితో ఆగదు. నిజానికి సెల్యులైటిస్ రోగుల్లో రక్తం కల్చర్ చేస్తే బ్యాక్టీరియా దొరికేది బాగా తక్కువమందిలో, సుమారు నూటికి ఐదుగురిలోనో అంతకంటే తక్కువో. అందుకే మామూలు కేసుల్లో డాక్టర్లు ఆ పరీక్ష ఫలితం కోసం ఆగకుండా కాలిని చూసి మందు మొదలుపెడతారు. టెస్టులన్నీ అయ్యాకే మందు వేసుకుంటానని ఆగితే పోయేది సమయమే.

పెన్నుతో గీసిన గీత చెప్పేది

ఒక ఉదాహరణ తీసుకుందాం. యాభై ఐదేళ్ల మనిషి, రోజంతా నిలబడి చేసే పని, ఎడమ కాలికి కొన్నేళ్లుగా సాయంత్రానికి వాపు, పొద్దునకి తగ్గడం. ఒక రాత్రి వణుకుతో జ్వరం వచ్చింది, మర్నాడు మధ్యాహ్నానికి ఎడమ పిక్క ఎర్రబడి వాచింది. సాయంత్రం డాక్టర్ దగ్గరికి వెళ్తే ఎరుపు ఎక్కడివరకు ఉందో దాని అంచు వెంటే పెన్నుతో గీత గీసి, పక్కన టైం రాశారు. బీపీ, నాడి బాగానే ఉన్నాయి, వాంతులు లేవు, మాత్రలు మింగగలడు. కాబట్టి ఆసుపత్రిలో చేర్చకుండా సెఫలెక్సిన్ మాత్రలు రోజుకు నాలుగుసార్లు ఐదు రోజులకు రాసి, రెండు రోజుల తర్వాత చూపించమన్నారు.

మర్నాడు పొద్దున లేచి చూసేసరికి ఎరుపు గీత దాటి రెండు వేళ్ల మందం పైకి వచ్చింది. ఇంట్లో టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. మందు పనిచేయట్లేదని ఇంకో చోటికి పరుగెత్తడం, రెండు డోసులకే యాంటీబయాటిక్ మార్చేయడం మామూలుగా జరుగుతుంటుంది. కానీ మందు మొదలైన తొలి 24 నుంచి 48 గంటల్లో ఎరుపు కొంచెం పాకడం సెల్యులైటిస్‌లో కొత్త విషయం కాదు. చర్మంలో ఉండే బ్యాక్టీరియా సంఖ్య అంత ఎక్కువేమీ కాదు. కంటికి కనిపించే ఎరుపు, వాపు, వేడిలో పెద్ద భాగం ఆ బ్యాక్టీరియా మీద, అవి వదిలిన విషపదార్థాల మీద శరీరం చేస్తున్న పోరాటమే. బ్యాక్టీరియా చచ్చిపోతున్నప్పుడు వాటి ముక్కలు బయటపడి ఆ పోరు ఇంకాసేపు పెరుగుతుంది. మంట ఆరినా పొగ వెంటనే పోనట్టు.

అందుకని గీతను ఒక్కదాన్నే చూడకూడదు, దానితోపాటు మనిషిని చూడాలి. మన ఉదాహరణలోని వ్యక్తికి రెండో రోజుకి వణుకు ఆగింది, ఆకలి వేసింది, నొప్పి కాస్త తగ్గింది. గీత దాటినా ఇది మంచి దారే. మూడో రోజుకి ఎరుపు ముదురు రంగు నుంచి లేతగా మారి అంచుల దగ్గర చెదిరింది. ఐదో రోజుకి చర్మం ముడతలు పడి పొట్టు లేచింది. వాపు మాత్రం మరో రెండు మూడు వారాలు ఉండిపోయింది. దీనికి భిన్నంగా 48 గంటలు దాటినా జ్వరం తగ్గకపోయినా, ఎరుపు అదే వేగంతో పాకుతున్నా, కొత్తగా బొబ్బలో చీమో వచ్చినా డాక్టర్ మళ్లీ చూడాలి. బహుశా మందు ఆ బ్యాక్టీరియాకు తగినది కాదు, లేదా లోపల ఎక్కడో గడ్డ ఉంది, లేదా అసలు జబ్బే వేరు.

ముదురు రంగు చర్మంలో ఎరుపు సరిగ్గా తెలియదు. కాస్త ఊదాగానో, చుట్టూ చర్మం కంటే నల్లగానో కనిపిస్తుందంతే. అలాంటప్పుడు రంగు మీద ఆధారపడకుండా చేతి వెనక భాగంతో రెండు కాళ్లనూ తాకి వేడిలో తేడా చూడటం, చర్మం బిగుసుకుని మెరుస్తోందా, నొక్కితే నొప్పి ఎక్కడివరకు ఉంది అని చూడటం నమ్మకమైన పద్ధతి. గీత కూడా నొప్పి, వేడి ఉన్న హద్దు వెంటే గీయాలి.

మందు ముందే ఎందుకు, ఎన్నాళ్లు

ఆలస్యమైన ప్రతి రోజూ ఇన్ఫెక్షన్ కొత్త చర్మాన్ని, కొత్త లింఫ్ నాళాలను ఆక్రమిస్తుంది. తొలి రోజున మాత్రలతో పోయేది, మూడు రోజులు ఆగితే సెలైన్ పెట్టి ఇంజెక్షన్లు ఇవ్వాల్సిన స్థితికి రావచ్చు. ఈ విషయంలో ఒక మంచి సంగతి ఉంది. గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా పెన్సిలిన్ కుటుంబపు మందులకు లొంగుతూనే ఉంది. కాబట్టి చీము లేని మామూలు సెల్యులైటిస్‌కు ఎక్కువసార్లు కొత్త, ఖరీదైన యాంటీబయాటిక్ అవసరం పడదు. పెన్సిలిన్ అలర్జీ ఉన్నవారికి క్లిండమైసిన్ లాంటి వేరే మందులు ఇస్తారు, అందుకే అలర్జీ సంగతి ముందే చెప్పాలి. పాత చీటీలో మిగిలిన మాత్రలు వేసుకోవడం పనికిరాదు. జలుబు దగ్గుకు రాసిన మందు దీనికి తగినది అయి ఉండాలని లేదు.

బాగా తగ్గుతున్న కేసుకు ఐదు నుంచి ఏడు రోజుల కోర్సు సాధారణంగా సరిపోతుంది. ఇక్కడ రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. జ్వరం పోయింది కదా అని రెండో రోజే మానేయడం ఒకటి. కోర్సు అయిపోయినా వాపు, లేత ఎరుపు ఇంకా ఉన్నాయని నెల రోజులు మందు లాగడం ఇంకొకటి. మిగిలిన వాపు ఇన్ఫెక్షన్ కాకపోవచ్చు, నీరు బయటకు పోలేక నిలిచి ఉండవచ్చు, దానికి యాంటీబయాటిక్ చేసేదేమీ లేదు. దానికి కావాల్సింది కాలు ఎత్తిపెట్టడం. అది కూడా కుర్చీలో కూర్చుని ముందు స్టూలు వేసుకోవడం కాదు, పడుకుని పాదం గుండె కంటే ఎత్తులో ఉండేలా దిండ్లు పెట్టుకోవాలి. మాత్ర ఎంత ముఖ్యమో తొలి రోజుల్లో ఇదీ అంత ముఖ్యమే, పైగా సలపరం కూడా తగ్గుతుంది.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం గీత గీసి మర్నాటి దాకా చూడటం ప్రమాదం. కనిపించే ఎరుపుకు పొంతన లేనంత భరించరాని నొప్పి, చర్మం నీలంగానో బూడిద రంగుగానో మారడం, రక్తపు రంగు బొబ్బలు, తాకితే స్పర్శ తెలియకపోవడం, నొక్కితే లోపల గాలి ఉన్నట్టు కరకరలాడటం, గంటల్లోనే ఎరుపు పరుగెత్తడం, మాట తడబడటం, బీపీ పడిపోవడం. ఇవి నెక్రోటైజింగ్ ఫాసియైటిస్ అనే లోతైన ఇన్ఫెక్షన్‌కో, రక్తం విషమించడానికో సూచనలు. లోతైన ఇన్ఫెక్షన్‌లో యాంటీబయాటిక్ ఒక్కటే చాలదు, చచ్చిన కణజాలాన్ని ఆపరేషన్ చేసి తీయాలి, గంటలు లెక్కలోకి వస్తాయి. షుగర్ అదుపులో లేనివారు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు మామూలు సెల్యులైటిస్‌నైనా తొందరగా చూపించుకోవాలి.

రెండు కాళ్లూ ఒకేసారి ఎర్రబడితే

ఎర్రకాలు అంతా సెల్యులైటిస్ కాదు. ఈ పొరపాటు ఆసుపత్రుల్లోనూ తక్కువేమీ కాదు. రెండు కాళ్లూ ఒకేసారి, ఒకేలా ఎర్రబడితే అది సెల్యులైటిస్ కావడం అరుదు. ఎక్కువసార్లు సిరల్లో రక్తం సరిగ్గా పైకి వెళ్లక చర్మం రేగడం దానికి కారణం. అందులో జ్వరం ఉండదు, నొప్పి కంటే దురద ఎక్కువ, చర్మం పొలుసులుగా ఉంటుంది, రోజుల్లో కాకుండా వారాలు నెలల మీద వస్తుంది. పడుకుని కాలును 45 డిగ్రీల ఎత్తులో ఒకటి రెండు నిమిషాలు ఉంచితే సిరల ఎరుపు బాగా తగ్గిపోతుంది, సెల్యులైటిస్ ఎరుపు అలాగే ఉంటుంది. ఇది అనుమానాన్ని అటో ఇటో మొగ్గించే చిన్న పరీక్ష మాత్రమే, తుది తీర్పు కాదు.

ఒక్క పిక్కే వాచి నొప్పి పెడుతూ, ఎరుపు అంతగా లేక, ఈమధ్యే ఆపరేషనో సుదీర్ఘ ప్రయాణమో మంచాన పడటమో జరిగి ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమో డాప్లర్ స్కాన్ చేసి చూడాలి. దాన్ని సెల్యులైటిస్ అనుకుని యాంటీబయాటిక్ ఇస్తూ కూర్చుంటే ఆ గడ్డ ఊపిరితిత్తులకు పోయే ముప్పు ఉంది.

ఒక్క కాలికే పదేపదే రావడం వెనక

పై ఉదాహరణలోని వ్యక్తికి ఎనిమిది నెలల తర్వాత అదే కాలికి మళ్లీ వచ్చిందనుకుందాం. ఒంట్లో రక్తం చెడిపోయిందనో, మొదటిసారి మందు సరిగ్గా పనిచేయలేదనో అనుకోవడం సహజం. అసలు కారణం కాలి లోపలి మురుగు కాలువల లాంటి లింఫ్ నాళాల్లో ఉంటుంది.

రక్తనాళాల నుంచి కణజాలంలోకి ఊరే నీటిని, ప్రోటీన్లను, చొరబడిన సూక్ష్మజీవులను లింఫ్ నాళాలు ఏరుకుని గజ్జల్లోని గ్రంథులకు చేరుస్తాయి. రోగనిరోధక కణాలు శత్రువును గుర్తుపట్టేది అక్కడే. సెల్యులైటిస్ ఈ సన్నటి నాళాలను వాచేలా చేసి కొన్నింటిని మూసేస్తుంది. దాంతో నీరు నిలుస్తుంది. నిలిచిన నీటిలో ప్రోటీన్ ఎక్కువ, రక్షణ కణాల రాకపోకలు తక్కువ. మరోసారి ఏ చిన్న చీలిక నుంచి బ్యాక్టీరియా దూరినా అక్కడ దాన్ని అడ్డుకునేవారు ఆలస్యంగా వస్తారు. మళ్లీ ఇన్ఫెక్షన్, మళ్లీ కొన్ని నాళాలు మూతపడటం, మళ్లీ ఇంకొంచెం వాపు. బోదకాలు ఉన్నవారికి, క్యాన్సర్ చికిత్సలో లింఫ్ గ్రంథులు తీసేసినవారికి పదేపదే ఇలా రావడం వెనక ఉన్నదీ ఇదే చక్రం.

ఇంకో విషయం కూడా గమనించదగ్గది. సెల్యులైటిస్ వచ్చి తగ్గినవారి కాళ్లకు లింఫ్ స్కాన్ చేసినప్పుడు కొందరిలో ఇన్ఫెక్షన్ రాని రెండో కాలిలో కూడా లింఫ్ ప్రవాహం మందంగా ఉన్నట్టు తేలింది. అంటే కొందరికి ఈ బలహీనత మొదటిసారి రాకముందే ఉండి ఉంటుంది, ఇన్ఫెక్షన్ దాన్ని బయటపెట్టి, మరింత పెంచుతుంది. అధిక బరువు, సిరల జబ్బు కూడా ఈ ప్రవాహం మీద భారం వేస్తాయి.

చక్రాన్ని ఎక్కడ తెంచవచ్చు

తేలికైన చోటు పాదం. డాక్టర్ చూపు పిక్క మీదే ఉండిపోతుంది కానీ తలుపు తెరిచి ఉండేది ఎక్కువగా చిటికెన వేలికీ దాని పక్క వేలికీ మధ్య. అక్కడ ఫంగస్ వల్ల చర్మం నాని తెల్లగా ఊడుతూ, కింద సన్నగా చిట్లి ఉంటుంది. పెద్దగా నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. వేళ్లు విడదీసి వెలుతురులో చూస్తేనే తెలుస్తుంది, వంగలేనివారికి ఇంకొకరు చూడాలి. క్లోట్రిమజోల్ లాంటి క్రీమ్‌ను ఫంగస్ కనపడటం మానేశాక కూడా ఒకటి రెండు వారాలు రాయాలి, లేకపోతే మళ్లీ తిరగబెడుతుంది. గోళ్లు పసుపుపచ్చగా మందంగా మారి ఉంటే ఫంగస్ అక్కడ దాక్కుని మళ్లీ సందుల్లోకి వస్తుంది, కాబట్టి దాని సంగతీ చూడాలి. స్టెరాయిడ్ కలిసిన క్రీములు దురదను వెంటనే తగ్గిస్తాయి, ఫంగస్‌ను మాత్రం లోపల పెరగనిస్తాయి. ఇక రోజూ సబ్బుతో కడిగి వేళ్ల సందులు పొడి గుడ్డతో తుడవడం, పొడిబారే పిక్కలకు, మడమలకు మాయిశ్చరైజర్ రాయడం. వేళ్ల సందుల్లో మాత్రం మాయిశ్చరైజర్ నింపకూడదు, అక్కడ కావాల్సింది పొడిదనమే.

రెండోది వాపు. ఆస్ట్రేలియాలో జరిగి 2020లో ప్రచురితమైన ఒక పరిశోధనలో దీర్ఘకాలంగా కాలు వాపు ఉండి పదేపదే సెల్యులైటిస్ వచ్చే 84 మందిని రెండు జట్లు చేశారు. కంప్రెషన్ సాక్స్ వేసుకున్న 41 మందిలో 6 మందికి మళ్లీ వచ్చింది. వేసుకోని 43 మందిలో 17 మందికి వచ్చింది. తేడా అంత స్పష్టంగా ఉండటంతో మధ్యలోనే ఆపేశారు. జట్టు చిన్నదే అయినా, మందు ఏమీ లేకుండా బయటి నుంచి ఒత్తిడి ఇచ్చినందుకే ఇంత మార్పు రావడం పై లింఫ్ లెక్కను బలపరుస్తోంది. అయితే ఈ సాక్స్‌ను కొలతలు తీసుకుని, కాలి ధమనుల్లో రక్తం సరిగ్గా పారుతోందని చూశాకే వేసుకోవాలి. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో పోల్చి ఆ సంగతి తేలుస్తారు. ధమనులు బాగా సన్నబడినవారికి గట్టి ఒత్తిడి ఇస్తే పాదానికి రక్తం అందక పుండ్లు పడతాయి. ఇన్ఫెక్షన్ మండుతున్న రోజుల్లో నొప్పి వల్ల తీసేసినా, తగ్గగానే మళ్లీ మొదలుపెట్టాలి. పొద్దున లేవగానే, వాపు ఎక్కకముందే వేసుకుంటేనే అవి పనిచేస్తాయి. సాయంత్రం వాచాక ఎక్కించడం కష్టం, లాభమూ తక్కువే.

మూడోది రోజూ తక్కువ డోసు పెన్సిలిన్. బ్రిటన్, ఐర్లండ్‌లలో జరిగి 2013లో వెలువడిన పరిశోధనలో కాలికి రెండు అంతకంటే ఎక్కువసార్లు సెల్యులైటిస్ వచ్చిన 274 మందిలో సగం మందికి పెన్సిలిన్ వి 250 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఏడాదిపాటు ఇచ్చారు, మిగతావారికి మందు లేని మాత్ర ఇచ్చారు. ఆ ఏడాదిలో మళ్లీ వచ్చింది మందు తీసుకున్నవారిలో 22 శాతానికి, తీసుకోనివారిలో 37 శాతానికి. మాత్రలు ఆపేశాక మాత్రం తేడా చెరిగిపోయింది, రెండు జట్లలోనూ ఒకే స్థాయిలో, 27 శాతం మందికి తిరగబెట్టింది. బరువు బాగా ఎక్కువున్నవారిలో, ముందునుంచే వాపు ఉన్నవారిలో, మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు వచ్చినవారిలో ఈ మందు అంతగా పనిచేయలేదు.

ఈ రెండు పరిశోధనలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. పెన్సిలిన్ బ్యాక్టీరియాను తగ్గిస్తుంది కానీ ఆ బ్యాక్టీరియా ఇల్లు కట్టుకునే నీటిని తీయదు. వాపు ఎంత ఎక్కువుంటే మాత్రల మీద మాత్రమే ఆధారపడటం అంత బలహీనం. అందుకే ఏడాదిలో రెండుసార్లు వచ్చినా ముందు సందులు, వాపు, చర్మం చక్కబెట్టి, అప్పటికీ ఆగకపోతే మాత్రల గురించి ఆలోచించడం సమంజసం. మాత్రలు మొదలుపెట్టినవారు కూడా ఏడాదికోసారైనా డాక్టర్‌తో కూర్చుని కొనసాగించాలా అని చూసుకోవాలి.

మన ఉదాహరణలో రెండోసారి వచ్చినప్పుడు వేళ్లు విడదీసి చూస్తే ఎడమ పాదం చివరి సందులో చిట్లిన చర్మం కనిపించింది. మొదటిసారి దాన్ని ఎవరూ చూడలేదు. క్రీమ్ రాశారు, ధమనుల పరీక్ష బాగుండటంతో మోకాలి కింది వరకు ఉండే సాక్స్ కొలత తీసుకున్నారు. రోజూ పెన్సిలిన్ ఇప్పుడే వద్దనుకుని, మళ్లీ వణుకు వస్తే ఆ రోజే మొదలుపెట్టడానికి ఒక కోర్సు మాత్రలు ఇంట్లో ఉంచుకోమన్నారు, మొదలుపెట్టగానే గీత గీసి టైం రాసి, డాక్టర్‌కు చెప్పాలనే షరతు మీద.